నాన్నగారికి అద్దె కట్టి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు తీసుకోవడం ఎలా: విజయనగరంలో ఒక ఇంటి లెక్క

విజయనగరంలో ఉద్యోగుల ఆదాయపు పన్ను రిటర్నులు వేయడం నా పని. ఆఫీసుల్లో పొదుపు కాగితాలు అడిగే జనవరిలోనూ, రిటర్నుల జూలైలోనూ నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మేం మా నాన్నగారి ఇంట్లోనే ఉంటున్నామండీ, ఆయనకు అద్దె కట్టినట్టు రశీదు పెట్టుకోవచ్చా?"

అద్దె కడితే పెట్టుకోవచ్చు. కట్టినట్టు రాసుకోవడం కుదరదు. తల్లికో తండ్రికో అద్దె ఇచ్చి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు తీసుకోవడాన్ని చట్టం ఎక్కడా తప్పుపట్టలేదు. ఆదాయపు పన్ను చట్టం 1961లోని సెక్షన్ 10(13ఏ) అడిగేవి రెండే. మీరు ఉంటున్న ఇల్లు మీ సొంతం కాకూడదు, అద్దె ఖర్చు మీ చేతి నుంచి నిజంగా పోవాలి. ఇవి రెండూ వినడానికి తేలికగానే ఉంటాయి కానీ సొంత కుటుంబంలో రుజువు చేసుకోవడం దగ్గరే చిక్కు వస్తుంది. అందుకే ఏ పని ముందు, ఏది తర్వాత చేయాలో వరసగా రాస్తున్నాను. లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, అంటే 2026 జూలైలో వేసే రిటర్నువి.

## ముందు మీకు ఇది అవసరమా, చూసుకోండి

రశీదు పుస్తకం కొనే ముందే ఈ పని చేయాలి. ఏ పన్ను విధానంలో ఉన్నారో చూసుకోకుండా పది రోజులు కాగితాల కోసం తిరిగి, చివరికి పైసా లాభం లేదని తెలుసుకున్నవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు.

హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. కొత్త విధానంలో లేదు. 2023-24 నుంచి మనం ఏమీ చెప్పకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. పైగా 2025-26లో కొత్త విధానం బాగా ఉదారంగా మారింది. జీతం తప్ప వేరే ఆదాయం లేని ఉద్యోగికి ఏడాదికి 12,75,000 రూపాయల వరకు అసలు పన్నే పడదు. మీ జీతం ఆ లోపు ఉంటే అద్దె రశీదుల గురించి టెన్షన్ పడొద్దు. కొత్త విధానంలో ఉండిపోండి, ఇక్కడితో మీ పని అయిపోయింది.

అంతకన్నా ఎక్కువ జీతం ఉన్నవాళ్లకు లెక్క వేయాల్సిందే. ఒక ఉదాహరణ తీసుకుందాం. పైడిభీమవరంలోని ఒక మందుల కంపెనీలో పనిచేసే ఉద్యోగి అనుకోండి. ఏడాది జీతం 16 లక్షలు. అందులో బేసిక్ 8 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ 3,20,000. భార్యాపిల్లలతో విజయనగరం కంటోన్మెంట్ వైపు నాన్నగారి ఇంటి పై అంతస్తులో ఉంటున్నాడు. నెలకు 15,000 అద్దె కడుతున్నాడు. కింద అమ్మానాన్నలు ఉంటారు.

మినహాయింపు ఎంతో తేల్చడానికి మూడు అంకెలు పక్కపక్కన పెట్టి, అన్నిటికన్నా చిన్నదాన్ని తీసుకోవాలి. మొదటిది ఏడాదిలో చేతికొచ్చిన హెచ్‌ఆర్‌ఏ, 3,20,000. రెండోది బేసిక్‌లో 40 శాతం, అదీ 3,20,000 అయింది. 2025-26 లెక్కలో 50 శాతం ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నైలకు మాత్రమే. విజయనగరమైనా శ్రీకాకుళమైనా 40 శాతమే. మూడోది కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేస్తే మిగిలేది. ఏడాది అద్దె 1,80,000, బేసిక్‌లో పదో వంతు 80,000, మిగిలింది 1,00,000. మూడింటిలో ఇదే చిన్నది కాబట్టి మినహాయింపు లక్ష రూపాయలు. పదవీ విరమణ ప్రయోజనాల లెక్కలోకి వచ్చే డీఏ ఉంటే దాన్నీ బేసిక్‌కు కలిపి ఈ శాతాలు కట్టాలి. ప్రభుత్వ ఉద్యోగులు ఇక్కడ తరచూ పొరపడతారు. డీఏ మరిచిపోతే మినహాయింపు ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

మన ఊళ్లలో అద్దెలు తక్కువ కాబట్టి దాదాపు ఎప్పుడూ ఆ మూడో అంకే చిన్నదవుతుంది. జీతంలో హెచ్‌ఆర్‌ఏ మూడు లక్షలు కనబడుతోంది కదా అని అంతా మినహాయింపు వస్తుందని లెక్కేసుకోకండి.

ఇప్పుడు ఈ లక్ష వల్ల లాభం ఉందో లేదో చూద్దాం. ఆ ఉద్యోగికి కొత్త విధానంలో, 75,000 ప్రామాణిక తగ్గింపు పోగా, సెస్సుతో కలిపి పన్ను 1,13,100. పాత విధానంలో అతనికి 50,000 ప్రామాణిక తగ్గింపు, పీఎఫ్ వగైరా పొదుపులు 1,50,000, ఆరోగ్య బీమా 50,000 ఉన్నాయనుకుందాం. వాటికి అద్దె మినహాయింపు లక్ష కలిపినా పన్ను 1,95,000 అవుతుంది. అంటే అద్దె కట్టి, రశీదులు పెట్టి, పాత విధానంలోకి వెళ్తే 81,900 నష్టం. మన జిల్లాల్లో ఎక్కువమంది ఉద్యోగుల పరిస్థితి ఇదే. ఇది చెప్పినప్పుడు కొందరు నమ్మరు, లెక్క వేసి చూపించాల్సి వస్తుంది.

మరి ఎవరికి పనికొస్తుంది? మిగతా మినహాయింపులు ఇంకా పెద్దగా ఉన్నవాళ్లకు. ఇదే ఉద్యోగికి విశాఖలో అప్పు మీద కొన్న ఫ్లాట్ ఉంది, ఎవరికీ అద్దెకివ్వలేదు, దాని వడ్డీ 2,00,000 అనుకోండి. భార్య చదువుకు తీసుకున్న విద్యారుణం వడ్డీ 90,000 తనే కడుతున్నాడు. ఎన్‌పీఎస్‌లో 50,000 వేస్తున్నాడు. అప్పుడు అద్దె కాకుండానే పాత విధానం తగ్గింపులు 5,90,000 అవుతాయి. పన్ను 1,20,120. కొత్త విధానం కన్నా ఇంకా 7,020 ఎక్కువే. దానికి అద్దె మినహాయింపు లక్ష తోడైతే పన్ను 98,280కి దిగుతుంది. ఇప్పుడు పాత విధానంలో 14,820 మిగులుతుంది. తక్కెడను మొగ్గించింది అద్దే.

(వృత్తి పన్ను లాంటి చిన్న మొత్తాలు పై లెక్కల్లో కలపలేదు.)

మీ అంకెలతో ఈ లెక్క వేసుకుని, లాభం ఉందని తేలితేనే ముందుకు రండి.

## ఇల్లు ఎవరి పేరున ఉంది?

ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దు. పన్ను శాఖ అడగకముందే మీరు మీ ఇంటి దస్తావేజు తీసి చదవండి. దొరక్కపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ తీసుకోండి. కార్పొరేషన్‌కు కట్టే ఇంటి పన్ను రశీదులో నాన్నగారి పేరు ఉన్నంత మాత్రాన ఇల్లు ఆయనదని రుజువు కాదు. ఆ రశీదు పన్ను కట్టారని మాత్రమే చెబుతుంది.

దస్తావేజు నాన్నగారి ఒక్కరి పేరునే ఉండి, ఆయన సొంత సంపాదనతో కొన్నదైతే ఏ ఇబ్బందీ లేదు. అమ్మ పేరున కొన్నదైతే అద్దె అమ్మకు కట్టాలి, రశీదు మీద అమ్మ సంతకమే ఉండాలి. ఇల్లు అమ్మ పేరున ఉండగా పింఛను వచ్చే ఖాతా నాన్నగారిది కదా అని అద్దె ఆయనకు పంపేవాళ్లున్నారు. అది కుదరదు. ఇద్దరి పేరునా ఉంటే ఇద్దరికీ వాటా ప్రకారం పంపడం మంచిది.

దస్తావేజులో మీ పేరు కూడా ఉందా? అయితే ఆ ఇంటికి హెచ్‌ఆర్‌ఏ ఆశ వదులుకోండి. మీరు యజమానుల్లో ఒకరు. మీ ఇంట్లో మీరుంటూ అద్దె అంటే ఒప్పుకోరు.

అసలు చిక్కు వచ్చేది ఇంటి యజమాని కాలం చేసిన ఇళ్లతో. శ్రీకాకుళం నుంచి ఒకాయన వచ్చారు. నాన్నగారు చనిపోయి నాలుగేళ్లయింది, ఇంట్లో అమ్మ ఉంటున్నారు, అమ్మకు నెలనెలా అద్దె బ్యాంకులో వేస్తున్నారు. కాగితాలన్నీ పద్ధతిగా ఉన్నాయి. దస్తావేజు చూస్తే ఇప్పటికీ నాన్నగారి పేరునే ఉంది, వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా తండ్రి చనిపోతే ఆయన సొంత ఆస్తికి భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే ఆయన తల్లి అందరూ సమాన వారసులు. అంటే ఆయనకు తెలియకుండానే ఆ ఇంట్లో ఆయనకు వాటా వచ్చేసింది. అమ్మకు ఆయన కడుతున్నది కొంత తన ఇంటికి తానే కడుతున్న అద్దె. ఆ ఏడాదికి మినహాయింపు అడగొద్దని చెప్పాను. ఆయన బాధపడ్డారు, నాకూ కష్టంగానే అనిపించింది, కానీ రేపు నోటీసు వచ్చాక చెప్పడం కన్నా అదే మేలు.

దీనికి దారి ఉంది. ఆయన, అక్కచెల్లెళ్లు కలిసి తమ హక్కును అమ్మకు వదిలేస్తూ హక్కు విడుదల దస్తావేజు రాసి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించుకుంటే ఇల్లు అమ్మదవుతుంది. ఆ తేదీ తర్వాత కట్టే అద్దెకు దారి తెరుచుకుంటుంది, వెనకటి నెలలకు కాదు. అయితే పన్ను కోసం మాత్రమే ఈ పని చేయకండి. హక్కు ఒకసారి వదిలితే వదిలినట్టే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఇష్టపడి చేసుకోవాల్సిన ఏర్పాటు అది.

తాతల నాటి ఇల్లు, పంపకాలు కాని ఉమ్మడి ఆస్తి అయితే ముందు ఒక లాయరుకు కాగితాలు చూపించండి. అందులో మీకూ పుట్టుకతో హక్కు ఉండి ఉండవచ్చు.

## ఒప్పందం రాసుకోండి, అద్దె వీధి ధరలో పెట్టండి

కన్నతండ్రితో అగ్రిమెంటేమిటని చాలామంది మొహమాటపడతారు. ఆ మాట నాన్నగారితో ఎలా అనాలో తెలియక ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. కాగితం మీ మధ్య నమ్మకం కోసం కాదని, పన్ను ఆఫీసులో అడిగితే చూపించడానికని వివరంగా చెబితే పెద్దవాళ్లు అర్థం చేసుకుంటారు.

స్టాంపు పేపరు మీద రాయండి. ఇంటి డోర్ నంబరు, అద్దెకిచ్చిన భాగం, నెల అద్దె, ఏ తేదీ లోపు కట్టాలి, కరెంటు బిల్లు ఎవరిది, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నవి ఉండాలి. ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. మన ఉదాహరణలో "పై అంతస్తు, మూడు గదులు, వంటగది, విడి కరెంటు మీటరు" అని స్పష్టంగా రాయాలి. మొత్తం ఇల్లు అని రాస్తే మీ నాన్నగారు ఎక్కడ ఉంటున్నారన్న ప్రశ్న వస్తుంది.

వెనక తేదీ మాత్రం వేయొద్దు. స్టాంపు పేపరు వెనక అమ్మిన తేదీ, వరస నంబరు ఉంటాయి. జనవరిలో కొన్న పేపరు మీద గత ఏప్రిల్ తేదీ వేస్తే అదొక్కటే మొత్తం వ్యవహారాన్ని అనుమానంలో పడేస్తుంది. ఇప్పటికే అద్దె కడుతూ ఒప్పందం రాసుకోకపోతే ఈరోజు తేదీతోనే రాసి, "ఫలానా నెల నుంచి నోటిమాట మీద ఇదే అద్దెకు ఉంటున్నారు" అని అందులో చేర్చండి. బ్యాంకు పద్దులు ఆ మాటకు సాక్ష్యంగా నిలవాలి.

అద్దె ఎంత పెట్టాలన్నది మీ వీధి చెబుతుంది. పక్కింటి పై వాటా 12,000కు పోతుంటే మీది 13,000 ఉండొచ్చు, గదులు పెద్దవైతే 15,000 ఉండొచ్చు. ఇదే ఉద్యోగి 25,000 అని రాసుకుంటే మినహాయింపు 2,20,000 అవుతుంది, ఆశ కలుగుతుంది. కానీ ఆ వీధిలో ఎవరూ ఇవ్వని అద్దె కొడుకు ఒక్కడే ఎందుకిస్తున్నాడని అడిగితే జవాబు ఉండదు.

## డబ్బు నిజంగా చేతులు మారాలి

ప్రతి నెలా ఒకే తేదీ ప్రాంతంలో మీ జీతం ఖాతా నుంచి నాన్నగారి ఖాతాకు బ్యాంకు ద్వారా పంపండి. యూపీఐ అయినా సరే, వివరం రాసే చోట "ఏప్రిల్ అద్దె" అని రాయండి. ఇంటి ఖర్చుకు పంపే డబ్బు, మందుల డబ్బు దీనితో కలపొద్దు. 15,000 అద్దె, 8,000 ఇంటి ఖర్చు అయితే రెండు విడి పద్దులుగా పంపండి. ఒకసారి 20,000, ఒకసారి 11,000 పంపుతూ ఏడాది చివర అంతా అద్దే అంటే నమ్మించడం కష్టం.

ఆ డబ్బు నాన్నగారు ఏం చేసుకుంటారన్నది ఆయన ఇష్టం. పిల్లలకు బట్టలు కొన్నా, ఇంటికి సరుకులు తెచ్చినా తప్పులేదు. ఐదో తేదీన మీరు 15,000 వేస్తే ఏడో తేదీన అదే 15,000 మీ ఖాతాకో మీ భార్య ఖాతాకో తిరిగి వస్తే మాత్రం ఖర్చు జరగనట్టే. అధికారి నాన్నగారి స్టేట్‌మెంటు అడిగితే మొదట వెతికేది ఆ తిరుగుబాట పద్దులే. నాన్నగారి ఏటీఎం కార్డు మీ జేబులో ఉన్నా అదే అనుమానం.

2017లో ముంబయి ఆదాయపు పన్ను ట్రైబ్యునల్‌కు వచ్చిన కేసు ఈ విషయంలో గుర్తుంచుకోదగ్గది. తల్లికి అద్దె ఇచ్చానని ఒక ఉద్యోగిని మినహాయింపు అడిగారు. రశీదులున్నాయి కానీ నగదు ఇచ్చానన్నారు. ఆ నగదు బ్యాంకు నుంచి తీసినట్టు ఆధారం లేదు, రాతకోతలతో ఒప్పందం లేదు. ట్రైబ్యునల్ మినహాయింపును తోసిపుచ్చింది. రశీదు ఒక్కటే ఉంటే అది నిలబడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

## రశీదు ఎలా ఉండాలి

రశీదుకు ప్రభుత్వం ప్రత్యేకంగా ఫారం ఏదీ పెట్టలేదు. తెల్లకాగితం మీద చేత్తో రాసినా చెల్లుతుంది. నెలకొకటి రాస్తే మంచిది, మూడు నెలలకు ఒకటి తీసుకునే ఆఫీసులూ ఉన్నాయి. ఇలా రాయండి:

"విజయనగరం, డోర్ నంబరు …, పై అంతస్తు వాటాకు 2025 ఏప్రిల్ నెల అద్దెగా శ్రీ … గారి నుంచి 15,000 రూపాయలు (అక్షరాలా పదిహేను వేల రూపాయలు) బ్యాంకు ద్వారా తేదీ … న ముట్టినవి. ఇంటి యజమాని పేరు, చిరునామా, పాన్, సంతకం, తేదీ."

నగదుగా ఇచ్చి, ఆ మొత్తం 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అతికించి దాని మీదుగా సంతకం చేయించాలి. బ్యాంకు ద్వారా పంపినా కొన్ని ఆఫీసులు స్టాంపు అడుగుతాయి. రూపాయి దగ్గర వాదన ఎందుకు, అంటించేయండి. పన్నెండు రశీదులూ ఒకే రోజు, ఒకే పెన్నుతో రాసి సంతకాలు పెట్టించే అలవాటు మానండి. నెలనెలా డబ్బు వేసిన రోజే నాన్నగారి దగ్గర కూర్చుని రాయించుకుంటే రెండు నిమిషాల పని.

## ఆఫీసులో ఇవ్వాల్సింది

2025-26కు సంబంధించి ఆఫీసులో ఇచ్చే ఫారం 12బీబీ. దాంట్లో అద్దె మొత్తం, యజమాని పేరు, చిరునామా రాయాలి. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే యజమాని పాన్ తప్పనిసరి. మన ఉదాహరణలో 1,80,000 కాబట్టి నాన్నగారి పాన్ ఇవ్వాలి. పాన్ ఇవ్వకుండా తప్పించుకుందామని నెలకు 8,300 దగ్గర అద్దె ఆపేవాళ్లున్నారు. నిజంగా 8,300 కడితే సరే, ఎక్కువ కడుతూ తక్కువ రాయడం, తక్కువ కడుతూ సరిగ్గా ఆ అంకె రాయడం రెండూ వద్దు.

2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చింది. ఆ తేదీ తర్వాతి నెలల అద్దెకు సెక్షన్ నంబర్లు, ఫారాలు మారతాయి కాబట్టి మీ ఆఫీసు ఇచ్చే కొత్త ఫారాన్నే నింపండి. పాత సంవత్సరం ఫారాన్ని జిరాక్స్ తీసి వాడకండి.

అద్దె ఏడాది మధ్యలో మొదలైతే లెక్క జాగ్రత్త. అక్టోబరు నుంచి కడితే ఆరు నెలల అద్దెకు ఆరు నెలల బేసిక్, ఆరు నెలల హెచ్‌ఆర్‌ఏ మాత్రమే తీసుకుని మూడు అంకెలూ కట్టాలి. అద్దె కట్టని నెలల హెచ్‌ఆర్‌ఏ మీద పూర్తిగా పన్ను పడుతుంది.

## నాన్నగారి వైపు లెక్క

ఈ భాగాన్ని వదిలేసిన ఇళ్లకే నోటీసులు వస్తున్నాయి. మీరు ఆఫీసులో రాసిన నాన్నగారి పాన్, అద్దె మొత్తం మీ ఆఫీసు దాఖలు చేసే టీడీఎస్ వివరాల ద్వారా పన్ను శాఖకు చేరతాయి. అటు నాన్నగారు అద్దె ఆదాయం చూపకపోతే రెండు అంకెలు కలవవు. 2020-21 సంవత్సరానికి ఉద్యోగులు కట్టామన్న అద్దెకూ, అందుకున్నవాళ్లు చూపిన అద్దెకూ పొంతన లేని కేసులను డేటాలో పరిశీలించినట్టు 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డే ప్రకటించింది.

నాన్నగారికి పన్ను పడుతుందేమోనన్న భయంతోనే చాలామంది దాచేస్తారు. ఎక్కువ ఇళ్లలో ఆ భయం అక్కర్లేదు. మన ఉదాహరణలో నాన్నగారు రిటైరైన మాస్టారు అనుకుందాం. ఏడాది పింఛను 4,20,000, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ 1,10,000. వచ్చిన అద్దె 1,80,000లో పై అంతస్తుకు ఆయన కట్టిన ఇంటి పన్ను 4,000 తీసేస్తే 1,76,000. అందులో 30 శాతం, అంటే 52,800, మరమ్మతుల కింద చట్టమే తగ్గిస్తుంది. నిజంగా సున్నం వేయించారా లేదా అని అడగరు. పన్ను లెక్కలోకి వచ్చే అద్దె 1,23,200. పింఛను మీద 75,000 ప్రామాణిక తగ్గింపు పోగా మొత్తం ఆదాయం 5,78,200. కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి ఆయనకు పన్ను సున్నా.

పన్ను సున్నా అయినా రిటర్ను వేయాలి. ఆదాయం 4 లక్షల పరిమితి దాటింది కదా. అందులో అద్దెకిచ్చిన వాటా వివరం, అద్దెదారుగా మీ పేరు, మీరు ఆఫీసులో చూపిన మొత్తం యథాతథంగా ఉండాలి. వేసే ముందు పోర్టల్‌లో నాన్నగారి లాగిన్‌తో ఏఐఎస్, అంటే ఆయన పాన్ మీద పన్ను శాఖకు చేరిన వివరాల పట్టిక, తెరిచి చూడండి.

ఒకవేళ నాన్నగారు ఇంకా ఉద్యోగంలో ఉండి మీకన్నా పెద్ద పన్ను మెట్టులో ఉంటే, ఇక్కడ మిగిలింది అక్కడ పోతుంది. అద్దెలో 70 శాతం మీద ఆయన కట్టే పన్ను, మీకు మిగిలే పన్ను పక్కపక్కన పెట్టి చూసుకోండి.

## రిటర్ను వేసేటప్పుడు

ఆఫీసులో జనవరిలో కాగితాలు ఇవ్వలేకపోయారా, లేదా కొత్త విధానం అని చెప్పేశారా? జీతం తప్ప వ్యాపార ఆదాయం లేనివాళ్లు రిటర్నులో పాత విధానానికి మారి మినహాయింపు అడగొచ్చు, ఎక్కువ కోసిన టీడీఎస్ వాపసు వస్తుంది. రిటర్ను మొదట్లో "Opting out of new tax regime" అన్న ప్రశ్నకు "Yes" పెట్టాలి. తర్వాత జీతం భాగంలో "Sec 10(13A)" అన్న వరస ఎంచుకుని పని చేసే ఊరు, వచ్చిన హెచ్‌ఆర్‌ఏ, కట్టిన అద్దె, బేసిక్, డీఏ నింపితే మినహాయింపు అదే లెక్క కడుతుంది. మీరు చేత్తో వేసిన అంకెతో పోల్చుకోండి. తేడా వస్తే చాలాసార్లు డీఏ దగ్గరో, నెలల దగ్గరో పొరపాటు ఉంటుంది.

గడువు మాత్రం గట్టిది. రిటర్ను జూలై 31 లోపు వేస్తేనే పాత విధానం ఎంచుకునే వీలుంది. ఆగస్టులో ఆలస్యపు రిటర్ను వేస్తే కొత్త విధానమే వర్తిస్తుంది, కట్టిన అద్దె అంతా నిజమైనా మినహాయింపు పోతుంది. ఒక ఏడాది నా దగ్గరికి ఆగస్టు రెండో వారంలో ఒక టీచరమ్మ అన్ని కాగితాలతో వచ్చారు. ఏమీ చేయలేకపోయాను.

ఇప్పటికే తప్పుడు అద్దె చూపి రిటర్ను వేసినవాళ్లు నోటీసు వచ్చేదాకా ఆగొద్దు. దొంగ రశీదుతో ఆదాయం తగ్గించి చూపినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు, అంటే 200 శాతం జరిమానా పడే వీలుంది. పన్ను, వడ్డీ దానికి అదనం. సవరించిన రిటర్నుకు గడువు ఉంటే అది వేయండి, దాటిపోతే అప్‌డేటెడ్ రిటర్నులో అదనపు పన్ను కట్టి సరిచేసుకోండి.

చివరగా, ఒక ఫైలు పెట్టండి. దస్తావేజు నకలు, ఒప్పందం, పన్నెండు రశీదులు, మీ బ్యాంకు స్టేట్‌మెంటు, నాన్నగారి స్టేట్‌మెంటు, ఇంటి పన్ను రశీదు, పై అంతస్తు మీటరు కరెంటు బిల్లులు కొన్ని, ఇద్దరి రిటర్నుల నకళ్లు అందులో ఉండాలి. సంవత్సరం పేరు అట్ట మీద రాసి కనీసం ఆరేళ్లు దాచండి. నోటీసు వచ్చే నాటికి ఫోను మారిపోయి, బ్యాంకు యాప్‌లో పాత పద్దులు కనబడక ఇబ్బందిపడినవాళ్లను చూశాను కాబట్టి స్టేట్‌మెంట్లు మాత్రం ఏప్రిల్‌లోనే కాగితం మీద ప్రింటు తీసి పెట్టండి.